ప్రెషర్ ప్లేట్ డేటాతో గరప నేలకు వాన్ గెనుక్టెన్ కర్వ్: α ఎందుకు నిలబడటం లేదు?

ప్రశ్న: నమస్కారం సార్. మా గరప నేలకు ప్రెషర్ ప్లేట్‌లో 0.33, 1, 3, 5, 15 బార్ల దగ్గర తేమ కొలిచాను. మట్టి 2 మి.మీ. జల్లెడ పట్టినది. బల్క్ డెన్సిటీ 1.45. వాన్ గెనుక్టెన్ మోడల్ ఫిట్ చేస్తే R² 0.99 వస్తోంది. కానీ మొదటి అంచనా విలువలు మార్చితే ఒకసారి θs 0.36, α 0.011 అని, ఇంకోసారి θs 0.52, α 0.032 అని వస్తోంది. θr 0.06, n 1.40 మాత్రం రెండుసార్లూ దాదాపు అంతే. ఇందులో ఏది తీసుకోవాలి? HYDRUSలో పెట్టాలి, టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

రెండూ తీసుకోకండి. మీ ఐదు పాయింట్లలో θs గురించి గానీ α గురించి గానీ విడిగా సమాచారం లేదు. ప్రస్తుతానికి θs ని బల్క్ డెన్సిటీ నుంచి లెక్కగట్టి 0.42 దగ్గర కట్టేయండి. అప్పుడు α సుమారు 0.017 (సెం.మీ.కి) వస్తుంది. దాన్ని తాత్కాలిక విలువగానే చూడండి. HYDRUSలో పెట్టే ముందు 10 నుంచి 100 సెం.మీ. సక్షన్ మధ్య కనీసం మూడు నాలుగు పాయింట్లు, కదపని మట్టి కోర్ల మీద కొలవండి. వారం పది రోజుల పని, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఇలా ఎందుకు అవుతోందో మీ అంకెలతోనే చూద్దాం. మోడల్ ఇది:

```
θ(h) = θr + (θs − θr) / [1 + (αh)^n]^(1 − 1/n)
```

ఇక్కడ h అంటే సక్షన్, సెం.మీ.లలో. 0.33 బార్ అంటే 337 సెం.మీ., 1 బార్ అంటే 1020 సెం.మీ., 15 బార్ అంటే 15300 సెం.మీ. మీ α 0.011 అనుకున్నా, మొదటి పాయింట్ దగ్గరే αh విలువ 3.7. 15 బార్ దగ్గర అది 168. అలాంటప్పుడు బ్రాకెట్లో ఉన్న 1 కి పెద్దగా విలువ లేదు. దాన్ని వదిలేస్తే సూత్రం ఇలా మిగులుతుంది:

```
θ ≈ θr + (θs − θr) · α^−(n−1) · h^−(n−1)
```

ఇందులో θs, α రెండూ ఒకే గుణకంలో అతుక్కుని ఉన్నాయి. డేటా ఆ గుణకాన్ని మాత్రమే చెప్పగలదు, దాన్ని రెండుగా విడదీసి చెప్పలేదు. మీ మొదటి ఫలితానికి లెక్క వేయండి: 0.30 ని 0.011 యొక్క −0.4 ఘాతంతో గుణిస్తే 1.82. రెండో ఫలితానికి: 0.46 ని 0.032 యొక్క −0.4 ఘాతంతో గుణిస్తే మళ్ళీ 1.82. అంటే మీకు వచ్చినవి రెండు వేర్వేరు జవాబులు కావు. ఒకే జవాబును సాఫ్ట్‌వేర్ రెండు రకాలుగా పంచి చూపించింది. ఇంకో మొదటి అంచనా ఇస్తే మూడో రకంగా పంచుతుంది, R² మళ్ళీ 0.99 ఉంటుంది.

R² ని ఇక్కడ చూడకండి. సక్షన్ పెరిగేకొద్దీ తేమ తగ్గుతూనే ఉంటుంది. అలా ఒకే దిక్కుకు వెళ్ళే ఐదు పాయింట్ల గుండా నాలుగు పారామీటర్ల కర్వ్ గీస్తే R² ఎప్పుడూ బాగానే వస్తుంది. చూడాల్సింది ప్రతి పారామీటర్ పక్కన వచ్చే స్టాండర్డ్ ఎర్రర్. α కంటే దాని ఎర్రర్ పెద్దదిగా ఉంటే ఆ α ని మీరు కొలవలేదన్నమాట.

ఇక 0.42 ఎక్కడి నుంచి వచ్చిందంటే, బల్క్ డెన్సిటీ 1.45, కణ సాంద్రత 2.65 అనుకుంటే మొత్తం ఖాళీ స్థలం 1 − 1.45/2.65 = 0.453. దీంతోనే మీ రెండో ఫలితం పోయింది. 0.453 ఖాళీ ఉన్న మట్టిలో 0.52 నీళ్ళు పట్టవు. తడిపినప్పుడు కొంత గాలి లోపలే చిక్కుకుంటుంది కాబట్టి, మామూలుగా నిండిన తేమ ఖాళీ స్థలంలో 90 నుంచి 95 శాతం ఉంటుందని తీసుకుంటాం. అంటే 0.41 నుంచి 0.43. ఆ 1.82 మారకూడదు కాబట్టి θs 0.41 అయితే α 0.016, 0.43 అయితే 0.019. మీరు 0.011, 0.032 మధ్య ఊగుతున్న చోట ఇప్పుడు పరిధి ఇంత చిన్నదైంది. అయితే ఈ ఇరుకు పరిధి మనం పెట్టుకున్న ఊహ వల్ల వచ్చింది, కొలత వల్ల కాదు. ఆ తేడా మీ రిపోర్టులో స్పష్టంగా రాయండి.

ఇప్పుడు నా దగ్గరున్న ఒక నేల సంగతి చెబుతాను. ఒండ్రు మట్టి, గరప, బల్క్ డెన్సిటీ 1.42. డ్రిప్ కింద తడి ఎంత వెడల్పు పాకుతుందో మోడల్ చేయాలనుకున్నాం. మొదట నేనూ మీలాగే 0.33 బార్ నుంచి పైకి ఉన్న పాయింట్లతోనే ఫిట్ చేసి, వచ్చిన α ని మోడల్‌లో పెట్టాను. తర్వాత పొలంలో డ్రిప్పర్ పక్కన గుంట తవ్వి చూస్తే తడి ఆకారం మోడల్ చూపించినట్టు లేదు. చాలా రోజులు డ్రిప్పర్ డిశ్చార్జి మీద, Ks మీద అనుమానపడ్డాను. కారణం తడి వైపు కర్వ్ అని కోర్లు తీసి కొలిచాకే తెలిసింది.

ఆ నేలకు చివరికి ఉన్న పది పాయింట్లు కింద కోడ్‌లో ఇస్తున్నాను (మూడు కోర్ల సగటు, మూడో దశాంశానికి సవరించాను). పది పాయింట్లతో ఫిట్ చేస్తే సుమారుగా θr 0.06, θs 0.43, α 0.020, n 1.40 వస్తాయి. ఎక్కడా తేడా 0.003 దాటదు. ఇప్పుడు తడి వైపు ఐదు పాయింట్లను దాచేసి చూడండి. θr, n అవే ఉంచి, θs 0.38, α 0.0139 అన్నా, లేదా θs 0.47, α 0.0259 అన్నా మిగిలిన పాయింట్లకు అన్నీ సరిపోతాయి:

| సక్షన్ (సెం.మీ.) | కొలత | θs 0.38 కర్వ్ | θs 0.47 కర్వ్ |
|---|---|---|---|
| 10 | 0.421 | 0.374 | 0.454 |
| 60 | 0.353 | 0.332 | 0.364 |
| 337 | 0.230 | 0.227 | 0.230 |
| 1020 | 0.170 | 0.170 | 0.170 |
| 15300 | 0.098 | 0.097 | 0.097 |

కింది మూడు వరసలు చూస్తే ఏ కర్వ్ సరైనదో ఎవరూ చెప్పలేరు. పై రెండు వరసలు చూస్తే రెండూ తప్పని వెంటనే తెలుస్తుంది. ఈ తేడా చిన్నదేం కాదు. నిండిన స్థితి నుంచి 100 సెం.మీ. సక్షన్ వచ్చేసరికి దిగిపోయే నీరు మొదటి కర్వ్ ప్రకారం 0.076, రెండో దాని ప్రకారం 0.148. దాదాపు రెట్టింపు. వాన పడ్డాక మట్టిలో గాలి ఎంత త్వరగా చేరుతుంది, డ్రిప్ నీరు ఎంత కిందికి పోతుంది అన్నవి ఈ భాగంలోనే తేలతాయి. HYDRUS నీటి ప్రసరణను కూడా ఇదే α, n ల నుంచి లెక్కగడుతుంది కాబట్టి తప్పు అక్కడికీ పాకుతుంది.

మీకు కావలసింది ఫీల్డ్ కెపాసిటీ, విల్టింగ్ పాయింట్ మధ్య తేమ మాత్రమే అయితే ఇంత బాధ అక్కర్లేదు. పై మూడు కర్వ్‌లూ దానికి ఒకే జవాబిస్తాయి. అసలు దానికి ఫిట్ కూడా అవసరం లేదు, 0.33 బార్, 15 బార్ కొలతల తేడా చాలు.

తడి వైపు కొలవడం ఎలా. ప్రెషర్ చాంబర్‌లోనే 0.05 బార్, 0.1 బార్ పెట్టి చూద్దామని మొదట అనిపిస్తుంది. మామూలు రెగ్యులేటర్‌తో అంత తక్కువ ఒత్తిడి రోజుల తరబడి కదలకుండా నిలపడం చాలా కష్టం. నా అనుభవంలో వేలాడే నీటి స్తంభమే మేలు. G4 సింటర్డ్ గ్లాస్ ఫనల్ ఒకటి, రెండు మీటర్ల పారదర్శక గొట్టం, ఒక బ్యూరెట్ చాలు. G4 రంధ్రాలు 10 నుంచి 16 మైక్రాన్లు. లెక్క ప్రకారం 180 సెం.మీ. దాకా గాలి చొరబడదు కాబట్టి 100 సెం.మీ. వరకు నిశ్చింతగా వాడొచ్చు. ఫనల్ డిస్కు కింద, గొట్టంలో బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. నీటిని మరిగించి చల్లార్చి వాడండి. కోర్‌ను కింది నుంచి నెమ్మదిగా, ఒకటి రెండు రోజులు తడపండి. పై నుంచి పోస్తే గాలి చిక్కుకుని θs తక్కువగా వస్తుంది. తర్వాత బ్యూరెట్‌ను 10, 30, 60, 100 సెం.మీ. కిందికి దించుతూ, ప్రతి మెట్టు దగ్గరా నీటి మట్టం కదలడం ఆగేదాకా ఆగండి. పైన చిన్న రంధ్రం చేసిన ప్లాస్టిక్ మూత పెట్టకపోతే నీరు ఆవిరై, దాన్ని కూడా మట్టి వదిలిన నీరనుకుని లెక్క తప్పుతారు.

ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలన్నది చాలామంది పట్టించుకోరు. కోర్ మధ్య నుంచి కొలవండి. 5 సెం.మీ. కోర్‌కు 10 సెం.మీ. సక్షన్ పెడితే నిజానికి కింద 7.5, పైన 12.5 ఉంటుంది. డిస్కు నుంచి కొలిస్తే ప్రతి పాయింట్‌కూ 2.5 సెం.మీ. తప్పు. 337 దగ్గర ఈ తప్పు కనబడదు, 10 దగ్గర అది నాలుగో వంతు.

జల్లెడ పట్టిన మట్టి సంగతి. 15 బార్ల దగ్గర నీళ్ళను పట్టి ఉంచేది కణాల ఉపరితలం, సన్నటి సందులు. జల్లెడ పట్టినా అవి అలాగే ఉంటాయి, కాబట్టి అక్కడ జల్లెడ మట్టితో ఇబ్బంది లేదు. తడి వైపు నీళ్ళుండేది మట్టి గడ్డల మధ్య ఖాళీల్లో, వేర్లు, వానపాములు చేసిన దారుల్లో. జల్లెడ పట్టగానే అవి పోతాయి. 0.33 బార్ ఈ రెంటి మధ్యలో ఉంటుంది. వీలైతే ఆ ఒక్క పాయింట్‌ను కూడా కదపని కోర్‌తో మళ్ళీ కొలిచి చూడండి. రెండు విలువలు 0.01 కంటే ఎక్కువ తేడాగా ఉంటే కోర్ విలువనే ఫిట్‌లో పెట్టండి.

దీనికే ముడిపడిన ఇంకో ప్రశ్న: మీ 1.45 ఎక్కడిది? పొలంలో కోర్ తీసి కొలిచినదైతే సరే. ప్లేట్ మీద రింగుల్లో మీరు నింపిన మట్టిదైతే కాదు. జల్లెడ మట్టి రింగులో వదులుగా కూర్చుంటుంది. బరువు శాతంలో వచ్చిన తేమను పొలం బల్క్ డెన్సిటీతోనే గుణించాలి. పైగా తడి వైపు ఒక డెన్సిటీ, పొడి వైపు ఇంకొకటి వాడితే రెండు ముక్కల మధ్య ఒక మెట్టు ఏర్పడుతుంది. ఫిట్ ఆ మెట్టును సర్దడానికి n ని వంచుతుంది. 100, 337 సెం.మీ. మధ్య కర్వ్ అసహజంగా విరిగినట్టు కనిపిస్తే ముందు ఇదే చూడండి. (నల్లరేగడి అయితే ఆరేకొద్దీ ముడుచుకుంటుంది కాబట్టి ఒకే డెన్సిటీ అసలు పనికిరాదు. మీ గరప నేలకు ఆ చిక్కు లేదు.)

ఫిట్‌కు నేను వాడేది ఇదే, చిన్న కోడ్. α కి బదులు దాని లాగరిథమ్‌ను వెతకనివ్వండి, తొందరగా నిలకడకు వస్తుంది. θs కి పైహద్దు ఖాళీ స్థలమే. సున్నా సక్షన్‌కు 0.1 పెట్టాను.

```python
import numpy as np
from scipy.optimize import curve_fit

h  = np.array([0.1, 10, 30, 60, 100, 337, 1020, 3060, 5100, 15300])
th = np.array([0.430, 0.421, 0.388, 0.353, 0.316,
               0.230, 0.170, 0.132, 0.118, 0.098])

def vg(h, tr, ts, la, n):
    return tr + (ts - tr) / (1 + (10**la * h)**n)**(1 - 1/n)

p, cov = curve_fit(vg, h, th, p0=[0.05, 0.43, -1.7, 1.5],
    bounds=([0, 0.38, -3.5, 1.05], [0.12, 0.465, -0.5, 3]))
print(p, np.sqrt(np.diag(cov)))
```

`p0` ని మూడు నాలుగు రకాలుగా మార్చి నడపండి. అన్నిసార్లూ ఒకే చోటికి వస్తే ఫిట్ నిలబడినట్టు. మొదటి అంచనాగా చాలామంది అమెరికా నేలల సగటు విలువలు వాడతారు. గరప నేలకు అవి θr 0.078, θs 0.43, α 0.036, n 1.56. మొదలుపెట్టడానికి బాగానే ఉంటాయి. కానీ తడి పాయింట్లు లేనప్పుడు ఫిట్ అక్కడి నుంచి పెద్దగా కదలదు. అప్పుడు మీరు మీ నేలకని రిపోర్టు చేసేది అమెరికా సగటు α అవుతుంది. RETC వాడినా ఇదే జాగ్రత్త. ఏ పారామీటరైనా హద్దుకు అతుక్కుపోయి ఉందేమో కూడా చూడండి. అలా ఉంటే అది ఫిట్ ఇచ్చిన విలువ కాదు, మీరు పెట్టిన హద్దు. α యూనిట్ కూడా సరిచూసుకోండి: 1 కిలోపాస్కల్ అంటే 10.2 సెం.మీ., కాబట్టి సెం.మీ.కి 0.020 అంటే కిలోపాస్కల్‌కి 0.204.

చివరగా పొడి వైపు. అక్కడ θs, α జత లాగే θr, n జత కడతాయి. నా నేలకు θr ని సున్నాకు, θs ని 0.43 కు కట్టేస్తే n 1.22 కి, α 0.05 దగ్గరికి పోయాయి. 1 బార్ దగ్గర కర్వ్ 0.01 తప్పింది, 100 సెం.మీ. దగ్గర 0.02 తప్పింది. తడి పాయింట్లు ఉన్నాయి కాబట్టే ఆ తప్పు అంత స్పష్టంగా పట్టుబడింది. θr ని మట్టిలో నిజంగా మిగిలిపోయే తేమ అనుకోకండి. అది కర్వ్ ఆకారాన్ని సర్దే ఒక అంకె మాత్రమే.

ఈ జతను ఎక్కువగా చెడగొట్టేది 15 బార్ పాయింట్. గొట్టంలోంచి నీరు రావడం ఆగిపోతే సమతుల్యం వచ్చిందనుకుంటాం. కానీ అంత పొడి దగ్గర మట్టి ప్లేట్‌ను సరిగ్గా అంటుకోదు, నీరు కదలడమే మానేస్తుంది. మట్టిలో ఇంకా తేమ మిగిలి ఉంటుంది. మాకు ఒక బ్యాచ్‌లో 15 బార్ తేమ 0.106 వచ్చింది. ఆ నమూనాలనే డ్యూపాయింట్ పొటెన్షియోమీటర్‌లో పెడితే అవి ఉన్నది 9 బార్ల దగ్గర. పై కర్వ్‌లో 9 బార్ దగ్గర తేమ సరిగ్గా 0.106. మట్టిది తప్పు కాదు, మేము రాసుకున్న సక్షన్ తప్పు. అప్పటి నుంచి 15 బార్ నమూనాలను సెంటీమీటరు మందానికి మించకుండా పెడుతున్నాను. వీలైనప్పుడల్లా తీసిన వెంటనే డ్యూపాయింట్‌లో కొలిచి, రెగ్యులేటర్ చూపిన 15300 కి బదులు ఆ కొలిచిన సక్షన్‌నే h గా రాస్తున్నాను. ఆ మీటర్ మీ దగ్గర లేకపోతే 5 బార్, 15 బార్ విలువలను పక్కపక్కన పెట్టి చూడండి. నా నేలకు వాటి మధ్య తేడా 0.02. మీకు 0.005 కూడా లేకపోతే 15 బార్ పాయింట్‌ను ఫిట్ నుంచి తీసి మళ్ళీ నడపండి. θr గట్టిగా కిందికి దిగితే ఆ పాయింటే దాన్ని పైకి పట్టుకుని ఉందన్నమాట. ఆ నమూనాను ఇంకో వారం చాంబర్‌లో ఉంచి మళ్ళీ తూకం వేయండి.